పెళ్లికొడుకు షేర్వానీకి, బండీ జాకెట్‌కి కొలతలు ఎలా తీసుకోవాలి

ముహూర్తానికి పట్టుపంచె, కండువా కాబట్టి కొలతల గొడవ ఉండదు. టెన్షన్ అంతా నిశ్చితార్థానికి వేసుకునే బండీ జాకెట్‌తోనూ, రిసెప్షన్‌కో బరాత్‌కో వేసుకునే షేర్వానీతోనూ వస్తుంది. షాపులో అద్దం ముందు నిలబడితే రెండూ బాగానే ఉంటాయి. తీరా ఆ రోజు లోపల బనియన్, కుర్తా వేసుకుని, పైజమా బొందు ముడేసి, భోజనం చేసి స్టేజీ మీద సోఫాలో కూర్చునేసరికి పొట్ట దగ్గర గుండీ లాగడం మొదలవుతుంది. ఇలా జరిగిన చోట ఆరా తీస్తే చాలాసార్లు ఒకటే కారణం తేలుతుంది. కొలతలు ఒంటిమీదున్న షర్టు, జీన్స్‌తోనే తీసేశారు, లోపల ఏం వేసుకోబోతున్నారో అప్పటికి ఎవరూ అనుకోలేదు.

కాబట్టి వరస మార్చండి. లోపల వేసుకునేవి ముందు ఖాయం చేసుకుని, పైదాని కొలతకు తర్వాత వెళ్లండి. అర్థం కావడానికి ఒక పెళ్లికొడుకును అనుకుందాం. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ఛాతీ 40, కొంచెం పొట్ట ఉంది, నిశ్చితార్థానికి బండీ, రిసెప్షన్‌కి జర్దోసీ వర్క్ ఉన్న షేర్వానీ. ఇతని అంకెలతోనే చివరిదాకా వెళ్దాం.

1. ముందు లోపలి కుర్తా, పైజమా

షేర్వానీ లోపలి కుర్తా బయటికి దాదాపు కనబడదు. కాబట్టి అది పల్చగా, ఒంటికి కాస్త దగ్గరగా ఉండాలి. మెత్తటి కాటన్ గానీ, పల్చటి కాటన్ సిల్క్ గానీ చాలు. దాని మీద వర్క్, జేబు, ముందు పట్టీ మీద లావు గుండీలు ఏవీ వద్దు, ఎందుకంటే అవన్నీ పైనుంచి బుడిపెల్లా తేలతాయి. కాలరు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. షేర్వానీకి నిలువు కాలరు ఎలాగూ ఉంటుంది. కుర్తాకీ గట్టి కాలరు పెట్టించుకుంటే మెడ చుట్టూ రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి కూర్చుని, గంట గడిచేసరికి మెడ తిప్పడం కష్టమవుతుంది. కాలరు లేని కుర్తా, లేదా గట్టిదనం కోసం లోపల కుట్టే బక్రం వేయని సన్న పట్టీ ఉన్న కుర్తా మేలు.

బండీ కింద వేసుకునే కుర్తా సంగతి వేరు. చేతులు, కింది సగం అన్నీ అందరికీ కనబడతాయి. అందుకే దానికి మంచి బట్ట, మంచి పొడవు, నడుము దగ్గర కాస్త ఎక్కువ లూజు కావాలి. రెండింటికీ ఒకే కుర్తా సరిపెడదామని చాలామంది చూస్తారు. నా మాట వింటే అలా చేయకండి. బండీకి నప్పే కుర్తా షేర్వానీ లోపల ముడతలు పడుతుంది, షేర్వానీ కోసం కుట్టిన కుర్తా బండీ కింద వేసుకుంటే పొట్టిగా, వెలితిగా కనబడుతుంది.

ఇక పైజమా. దీన్ని ఎవరూ కొలతల లెక్కలోకి తీసుకోరు గానీ, నడుము దగ్గర ఇబ్బంది చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. బొందు పైజమాకి నడుము పట్టీ వెడల్పుగా ఉంటుంది, దాన్ని కుచ్చులుగా దగ్గరికి లాగి ముడేస్తాం. ఆ కుచ్చులు, ఆ ముడి సరిగ్గా షేర్వానీ కింది గుండీ వెనక వచ్చి కూర్చుంటాయి. ముందువైపు ప్యాంటులా హుక్కు, వెనకవైపు ఎలాస్టిక్ ఉండేలా కుట్టించుకుంటే ఆ ఉబ్బు ఉండదు, బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు బొందుతో కుస్తీ కూడా తప్పుతుంది. ఫోను పెట్టుకోవడానికి జేబు పైజమాకి పక్కన పెట్టించండి. షేర్వానీ లోపలి జేబులో ఫోను పెడితే ఛాతీ దగ్గర ఒక వైపు ఎత్తుగా తేలుతుంది, ఫొటోల్లో అది స్పష్టంగా కనబడుతుంది.

2. ఒంటి కొలతలు

బనియన్ మీద మాత్రమే తీసుకోండి. సాయంత్రం పూట, ఏదో ఒకటి తిన్నాక తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే రిసెప్షన్ జరిగేది కూడా అప్పుడే. ఎవరి టేపు వాళ్లే పట్టుకుంటే చెయ్యి ఎత్తాల్సి వస్తుంది, ఛాతీ కొలత మారిపోతుంది. ఇంట్లో ఇంకొకరి చేత పట్టించుకోండి.

ఛాతీకి టేపు చంకల కిందుగా, వెనక రెక్క ఎముకల మీదుగా, ముందు ఛాతీ నిండుగా ఉన్నచోట నుంచి పోవాలి. టేపు వెనకవైపు జారిపోకుండా నేలకు సమాంతరంగా ఉందో లేదో చూడమనండి. చేతులు కిందికి వదిలి మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండాలి. టేపు పట్టుకోగానే ఛాతీ ముందుకు విరిచి నిలబడటం మగవాళ్లందరికీ అలవాటే. అలా తీస్తే ఒకటిన్నర అంగుళం ఎక్కువ వచ్చి, షేర్వానీ చంకల దగ్గర సంచిలా వేలాడుతుంది.

నడుము కొలతలో పొరపాటు ఎక్కువ. జీన్స్ సైజు 34 కదా అని అదే చెప్పేస్తారు. జీన్స్ నిలబడేది బొడ్డు కింద. షేర్వానీ, బండీ రెండూ పొట్ట మీదుగా వస్తాయి కాబట్టి అక్కడ కొలవాలి. బొడ్డు దగ్గర, లేదా పొట్ట అన్నిటికన్నా ముందుకొచ్చిన చోట టేపు పెట్టి రెండుసార్లు తీయండి. నిలబడి ఒకసారి, కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చుని ఒకసారి. మన పెళ్లికొడుకుకి నిలబడితే 38, కూర్చుంటే 40 వచ్చాయి. టైలరుకి రెండు అంకెలూ చెప్పండి, కానీ లెక్కకు పెద్దదే తీసుకోవాలి.

షేర్వానీ మోకాళ్లదాకా దిగుతుంది గనక సీటు కొలత కూడా కావాలి. వెనకవైపు అన్నిటికన్నా నిండుగా ఉన్నచోట చుట్టూ టేపు తిప్పండి. ఇతనికి 41.

భుజం కొలత వెనక నుంచి తీస్తారు. ఒక భుజం ఎముక చివర నుంచి మెడ వెనక ఎముక మీదుగా రెండో భుజం చివరిదాకా. ఇతనికి 18. చెయ్యి పొడవు మోచేతిని కొద్దిగా వంచి భుజం చివర నుంచి మణికట్టు ఎముక దాకా తీయాలి, చాచి తీస్తే చెయ్యి వంచినప్పుడు చొక్కాయి పైకి లాక్కుపోతుంది. మెడ కొలతకు టేపు లోపల రెండు వేళ్లు దూరేలా పెడితే చాలు.

3. లూజు ఎంత వదలాలి

టైలర్లు "లూజు ఎంత పెట్టమంటారు?" అని అడిగేది దీన్నే. ఒంటి కొలత వేరు, కుట్టిన బట్ట కొలత వేరు. ఈ రెండింటి మధ్య తేడాలోనే బనియను, కుర్తా, ఊపిరి, చేతుల కదలిక అన్నీ ఇమడాలి.

లోపలి కుర్తాకి ఛాతీ దగ్గర 3 అంగుళాల లూజు సరిపోతుంది. అంటే ఒంటి కొలత 40 అయితే కుట్టిన కుర్తా 43. షేర్వానీకి 4 నుంచి 5 అంగుళాలు కావాలి. ఒట్టి సాదా పట్టు, పల్చటి లైనింగ్ అయితే 4, బరువైన వర్క్ ఉంటే 5 దగ్గరికి వెళ్లాలి.

ఈ తేడా ఎందుకంటే బట్ట మందం లోపలి చోటును తినేస్తుంది. పైబట్ట, క్యాన్వాస్, లైనింగ్ కలిపి 2 మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి. గుండ్రంగా చుట్టినప్పుడు లోపలి చుట్టుకొలత బయటిదానికన్నా దాదాపు అర అంగుళం తక్కువ వస్తుంది. వెల్వెట్ మీద జర్దోసీ అయితే మందం ఇంకా పెరుగుతుంది. పైగా బరువైన వర్క్ ఉన్న బట్ట సాదా బట్టలా సాగదు, మడత పడదు. బయట టేపు పెట్టి 44 ఉంది అని చెబితే సంతోషపడకండి, లోపల మిగిలింది ఎంతో అడగండి. మన పెళ్లికొడుకుకి జర్దోసీ వర్క్ కాబట్టి షేర్వానీ ఛాతీ 44.5 దగ్గర ఆపుదాం. లోపల సుమారు 44 మిగులుతుంది, 43 కుర్తా అందులో హాయిగా కూర్చుంటుంది.

పొట్ట దగ్గర లెక్క కూర్చున్న కొలత నుంచి మొదలుపెట్టాలి. 40కి 2.5 కలిపితే 42.5. నిలబడిన 38కి చూస్తే ఇది 4.5 లూజు, అంటే నిలబడినప్పుడూ సంచిలా కనబడదు. సన్నగా, పొట్ట లేకుండా ఉన్నవాళ్లకి కూర్చున్నా పెద్దగా తేడా రాదు. అలాంటివాళ్లకి నడుము దగ్గర ఇంత వదిలితే ఆకారం పోతుంది, నిలబడిన కొలతకి 3, మహా అయితే 3.5 చాలు.

సీటు దగ్గర ఇతని 41కి 5 కలిపి 46 పెట్టాలి. ఎక్కువ అనిపించవచ్చు గానీ, ఇక్కడ పిసినారితనం చూపితే పక్క చీలికలు నిలబడినప్పుడే తెరుచుకుని పైజమా కనబడుతుంది. చీలిక ఒంటికి ఆనుకుని, మూసుకుని వేలాడాలి, అడుగు వేసినప్పుడే తెరుచుకోవాలి.

భుజం దగ్గర మాత్రం లూజు ఆశించకండి. కుర్తా భుజం 18, షేర్వానీ భుజం 18.5. దానికి మించితే భుజం కుట్టు చేతి మీదికి జారి, ఎవరి షేర్వానీనో అడిగి తెచ్చుకున్నట్టుంటుంది. చేతులు ఎత్తడానికి కావలసిన వీలు భుజం వెడల్పు నుంచి రాదు, చంక కోత నుంచి వస్తుంది. చంక బాగా కిందికి కోస్తే లూజుగా ఉంటుందనుకుంటారు గానీ, జరిగేది దానికి వ్యతిరేకం. చెయ్యి ఎత్తగానే షేర్వానీ మొత్తం పైకి లేస్తుంది. చంక కోత పైనే ఉండి, చెయ్యి బట్ట మాత్రం కుర్తా చేతిని కూడా పట్టేంత వెడల్పుగా ఉండాలి. బరాత్‌లో డ్యాన్స్ చేసే ఉద్దేశం ఉంటే ఈ మాట మాస్టరుకి ముందే చెప్పండి.

4. పొడవు

షేర్వానీ పొడవు మెడ పక్కన భుజం మొదలయ్యే చోటు నుంచి, ఛాతీ మీదుగా కిందికి తీస్తారు. ఇప్పుడు ఎక్కువమంది మోకాలి మీద గానీ, మోకాలి కింద ఒకటి రెండు అంగుళాల దాకా గానీ ఉంచుతున్నారు. 5 అడుగుల 9 అంగుళాల మనిషికి 42 నుంచి 43 మధ్య వస్తుంది. మోకాలికి పైన ఆపితే నాకు నచ్చదు, కూర్చున్నప్పుడు ఒక చెయ్యెడు పైకి పోయి పొట్టి కోటులా కనబడుతుంది. ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు మాత్రం మోకాలి దగ్గరే ఆపేయడం మంచిది, ఇంకా కిందికి దించితే కాళ్లు మరీ పొట్టిగా కనబడతాయి.

పొడవు తీసేటప్పుడు ఆ రోజు వేసుకునే చెప్పులో మోజ్రీలో వేసుకుని నిలబడండి. వాటి వల్ల షేర్వానీ పొడవు మారదు గానీ, షేర్వానీ అంచు కింద పైజమా ఎంత కనబడుతోందో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.

లోపలి కుర్తా షేర్వానీ కన్నా రెండు అంగుళాలు పొట్టిగా ఉండాలి. షేర్వానీ 42.5 అయితే కుర్తా 40.5. సమానంగా పెడితే, నడుస్తున్నప్పుడు పక్క చీలికల్లోంచీ ముందు తెరుపులోంచీ కుర్తా అంచు తొంగిచూస్తుంది. కుర్తా చెయ్యి కూడా షేర్వానీ చెయ్యి కన్నా అర అంగుళం తక్కువే పెట్టించండి.

5. బండీ జాకెట్

బండీకి చేతులు ఉండవు కాబట్టి తేలిక అనుకుంటాం. కానీ చేతులు లేకపోవడం వల్లే చంక, భుజం దగ్గర చిన్న తేడా కూడా బయటపడుతుంది. బండీ భుజం కుర్తా భుజం కుట్టుకు అర అంగుళం లోపలే ఆగాలి. మన పెళ్లికొడుకుకి 17. కుర్తా భుజం దాటి బయటికి వస్తే బండీ రెండు పక్కలా రెక్కల్లా లేస్తుంది. చంక కోత కుర్తా చేతిని నొక్కకుండా, ఒక చెయ్యి లోపలికి దూరేంత ఉంటే చాలు. అంతకన్నా కిందికి కోస్తే పక్క నుంచి కుర్తా ఛాతీ భాగం కనబడుతుంది.

బండీ కింది కుర్తాకి ఛాతీ దగ్గర 4 లూజు, అంటే 44. బండీకీ 44 సరిపోతుంది. మెత్తటి కుర్తా బట్ట లోపల సర్దుకుంటుంది, అందుకని బండీ దానికన్నా పెద్దది కానక్కర్లేదు. పొట్ట దగ్గర కూర్చున్న 40కి 2 కలిపి 42. కూర్చున్నప్పుడు కింది గుండీ విప్పేసుకునే అలవాటు ఉంటే అంగుళం తగ్గించుకోవచ్చు.

పొడవుకి ఒక తేలికైన గుర్తు ఉంది. చేతులు పక్కకు వదిలి నిలబడితే బండీ అంచు బొటనవేలి మొదలు దగ్గరికి రావాలి. ఇతనికి అది దాదాపు 28 అంగుళాలు. కింద కుర్తా 41 నుంచి 42 ఉంటే బండీ అంచు దాటి 13, 14 అంగుళాల కుర్తా కనబడుతుంది, ఆ నిష్పత్తి కళ్లకు బాగుంటుంది. బండీ అంచు సీటు మీద బిగుతుగా పట్టేసి ఉంటే నడిచే కొద్దీ పైకి జరుగుతుంది. పక్కన రెండున్నర అంగుళాల చిన్న చీలికలు పెట్టించుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

రెడీమేడ్ కొంటుంటే

లేబుల్ మీద 40 అని ఉంటే అది ఒంటి కొలతా, బట్ట కొలతా అని అడగండి. కంపెనీని బట్టి మారుతుంది. ఆన్‌లైన్‌లో సైజు చార్టు చూసేటప్పుడూ ఇదే ప్రశ్న. చేతిలో బట్ట ఉంటే గుండీలు పెట్టి బల్ల మీద పరిచి, ఒక చంక నుంచి రెండో చంకకి కొలిచి రెండింతలు చేస్తే బట్ట కొలత తెలుస్తుంది. దాన్ని పైన చెప్పిన లెక్కతో పోల్చుకోండి.

భుజం సరిపోయినదాన్నే ఎంచుకోండి. నడుము తగ్గించడం ఏ టైలరుకైనా చేతనవుతుంది, భుజం విప్పి మళ్లీ కుట్టడం వర్క్ ఉన్న షేర్వానీకి దాదాపు కుదరదు. అంచు చుట్టూ బోర్డరు వర్క్ ఉంటే పొడవు కూడా తగ్గించలేరు. పక్క కుట్లలో ఎంత బట్ట మడిచి వదిలారో తిరగేసి చూడండి. ఒక్కో వైపు అంగుళం ఉంటేనే తర్వాత వదులు చేయడం వీలవుతుంది. వెల్వెట్, రా సిల్క్ అయితే విప్పిన చోట సూది గుర్తులు మిగులుతాయని కూడా తెలిసి ఉండాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి హైదరాబాద్ పత్తర్‌గట్టీలోనో విజయవాడలోనో కుట్టించుకునేవాళ్లు, ఒంటి కొలతల కాగితంతో పాటు తమకు బాగా సరిపోయిన బ్లేజరు పరిచి తీసిన కొలతలు కూడా పంపాలి. ఏది ఒంటి కొలత, ఏది బట్ట కొలత అన్నది పక్కన రాయండి. రాయకపోతే బట్ట కొలతకి మళ్లీ లూజు కలిపి కుట్టేస్తారు.

6. ట్రయల్‌లో ఏం చూడాలి

మొదటి ట్రయల్ కనీసం మూడు వారాల ముందు పెట్టుకోండి, పెళ్లి నాడు వేసుకునే కుర్తా, పైజమా, చెప్పులతోనే వెళ్లండి. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలా నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. అన్ని గుండీలూ పెట్టుకుని కుర్చీలో కూర్చోండి, వంగి చెప్పు సర్దుకోండి, దండ వేస్తున్నట్టు రెండు చేతులూ ముందుకు, పైకి ఎత్తండి.

గుండీ చుట్టూ కత్తెర గుర్తులా ముడతలు వస్తే ఆ చోట బిగుతు. ఛాతీ గుండీ దగ్గర వస్తే ఛాతీ, కింది గుండీ దగ్గర వస్తే పొట్ట. కింది గుండీ దగ్గరైతే మొదట పైజమా బొందు ముడిని పక్కకు జరిపి మళ్లీ చూడండి, సగం సార్లు ముడత అక్కడే పోతుంది. మెడ వెనక కాలరు కింద అడ్డంగా ఒక మడత పడితే అది బిగుతు కాదు, వెనక భాగం పొడవు ఎక్కువై బట్ట కుప్పపడుతోందని. మాస్టరు కాలరు దించి ఆ బట్టను తీసేయగలడు. వెనక భుజాల మధ్య అడ్డంగా లాగుతుంటే వెనక వెడల్పు తక్కువని, అది పక్క కుట్లు విప్పితే కొంతవరకే తీరుతుంది. కాలరు మెడకు ఒక వైపు ఆనుకుని ఇంకో వైపు తెరుచుకుంటే భుజాల్లో ఒకటి కిందికి ఉందన్నమాట. చాలామందికి అలా ఉంటుంది, కింద ఉన్న వైపు సన్నటి ప్యాడ్ పెడితే సరిపోతుంది.

ఒక మాట మాస్టరుకి ముందే చెప్పి ఒప్పించండి: చివరి ట్రయల్ అయ్యేదాకా పక్క కుట్లలో మిగిలిన బట్ట కత్తిరించవద్దని. పెళ్లి పనుల్లో తిండీ నిద్రా తప్పి రెండు కిలోలు తగ్గేవాళ్లూ ఉంటారు, ఇంటింటా పెట్టే భోజనాలతో పెరిగేవాళ్లూ ఉంటారు. వారం ముందు ఇంకోసారి వేసుకుని చూసి, మార్పు ఉంటే అరంగుళమో అంగుళమో అప్పుడు సరిచేయించుకోవచ్చు.